‘ఇక్కడ’ అంటే ఎక్కడ?

హాల్‌టికెట్ దిగడం లేదంటూ ఇటీవల ఒక డిగ్రీ విద్యార్థి హనుమకొండలోని మా పత్రిక కార్యాలయానికి వచ్చాడు. ఆయనకు పూర్తిగా చూపు లేదు. ల్యాప్‌టాప్‌లో తెరమీది మాటలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ పెట్టుకుని చదువుకుంటున్నాడు. నెట్ బాగానే ఉంది, కాలేజీ వెబ్‌సైట్ తెరుచుకుంది, హాల్‌టికెట్ల ఫైలు కూడా అందులోనే ఉంది. మరి ఇబ్బంది ఎక్కడో చూపించమన్నాం. ఆయన ఇన్సర్ట్, ఎఫ్7 మీటలు కలిపి నొక్కాడు.

ఆ రెండు మీటలు కలిపి నొక్కితే పేజీలోని లింకులన్నీ ఒక జాబితాగా వస్తాయి. చూపున్నవారు పేజీ తెరవగానే కళ్లతో పైనుంచి కిందికి ఒకసారి తడిమి, కావలసిన చోట ఆగుతారు. చూపు లేనివారికి ఆ తడిమి చూడటం ఈ జాబితాతోనే సాధ్యం. పేజీ మొత్తం మొదటి నుంచి వింటూ కూర్చుంటే పది నిమిషాలు పట్టేది, జాబితాలో కింది బాణం నొక్కుతూ పోతే అర నిమిషంలో తేలాలి. ఫోన్‌లో టాక్‌బ్యాక్ వాడేవారూ ఇదే పని చేస్తారు. చదివే పద్ధతిని ‘లింకులు’కు మార్చుకుని, వేలితో కిందికి జరుపుతూ ఒక్కో లింకూ వింటారు.

ఆయన బాణం మీట నొక్కుతుంటే మేమూ విన్నాం. ‘ఇక్కడ క్లిక్ చేయండి.’ మళ్లీ ‘ఇక్కడ క్లిక్ చేయండి.’ ఇలా పద్నాలుగు సార్లు. జాబితాలోకి వచ్చేది లింకు అక్షరాలు మాత్రమే. వాటి ముందు పేజీలో రాసి ఉన్న ‘మూడో సెమిస్టర్ హాల్‌టికెట్ల కోసం’, ‘రీవాల్యుయేషన్ ఫలితాల కోసం’ అన్న మాటలు లింకులో భాగం కావు కనుక వెనకే ఉండిపోయాయి. ఉజ్జాయింపుగా ఏడోది తెరిస్తే పాత ఫీజు నోటీసు దిగింది. తొమ్మిదోది తెరిస్తే టైంటేబుల్. ‘‘హనుమకొండ బస్టాండుల పరకాల, నర్సంపేట, ములుగు బోర్డులన్నీ తీసేసి, అన్ని బస్సులకు ‘ఈ బస్సు ఎక్కుండ్రి’ అని రాసినట్టున్నది సార్’’ అన్నాడు. అంతకన్నా బాగా మేం చెప్పలేం.

ఇందులో మన భాష వ్యవహారం కూడా కొంత ఉంది. తెలుగులో క్రియ చివరికొస్తుంది. ‘హాల్‌టికెట్ డౌన్‌లోడ్ చేసుకోవడానికి ఇక్కడ క్లిక్ చేయండి’ అని రాస్తే, విషయమంతా వాక్యం మొదట్లోనే అయిపోతుంది. నోటీసు పెట్టే ఉద్యోగి చివరి మూడు మాటలకు లింకు తగిలిస్తాడు. అంటే పనికొచ్చే మాటలన్నీ బయట, పనికిరానివి లింకులో. దిద్దడం మాత్రం తేలిక. ఆ వాక్యం తోక కోసేసి, తలకు లింకు పెడితే చాలు.

```html
<!-- ముందు -->
<p>మూడో సెమిస్టర్ హాల్‌టికెట్ల కోసం
<a href="hall3.pdf">ఇక్కడ క్లిక్ చేయండి</a></p>

<!-- తర్వాత -->
<p><a href="hall3.pdf">హాల్‌టికెట్లు, మూడో సెమిస్టర్ (పీడీఎఫ్)</a></p>
```

రెండో దానిలో ‘హాల్‌టికెట్లు’ ముందుకు రావడానికి కారణముంది. స్క్రీన్ రీడర్‌కు అలవాటుపడినవారు ప్రతి లింకునూ చివరిదాకా వినరు. మొదటి మాట చెవిన పడగానే, తమకు కావలసింది కాకపోతే తర్వాతి దానికి పోతారు. పద్నాలుగు లింకులూ ‘డిగ్రీ మూడో సెమిస్టర్...’ అంటూ మొదలైతే, ప్రతిదీ సగం దాకా వినక తప్పదు. తేడా చూపే మాట ముందుండాలి. జీవో విషయమంతా నాలుగు లైన్ల లింకుగా పెట్టడం కూడా ఇలాంటి కష్టమే, అది తగిలిన ప్రతిసారీ నాలుగు లైన్లూ వినిపిస్తుంది. పీడీఎఫ్ అని ముందే చెప్పడం వల్ల, నొక్కగానే వెబ్‌పేజీకి బదులు ఫైలు దిగినా కంగారు ఉండదు. ఇక ‘లింక్’, ‘క్లిక్’ అన్న మాటలు రాయనే అక్కర్లేదు. లింకు అని స్క్రీన్ రీడరే చెబుతుంది. ఆయన చేతిలో మౌసే లేదు, క్లిక్ చేసేదేముంది, ఎంటర్ నొక్కుతాడు.

వెబ్‌సైట్లు చేసే కుర్రాళ్లను అడిగితే దగ్గరిదారి ఒకటి చెబుతారు. పైకి కనిపించే ‘ఇక్కడ క్లిక్ చేయండి’ని అలాగే ఉంచి, వెనక `aria-label` అనే గుర్తులో అసలు వివరం రాస్తామంటారు. స్క్రీన్ రీడర్ అప్పుడు ఆ దాగిన మాటలనే చదువుతుంది, నిజమే. కానీ చేతులు ఆడక నోటితో కంప్యూటర్‌ను నడిపేవారు తెరమీద కనిపించిన మాటనే పలుకుతారు, దాగిన పేరు వేరేగా ఉంటే లింకు పలకకపోవచ్చు. మసక చూపుతో తెరను ఏడెనిమిది రెట్లు పెద్దది చేసుకునేవారికి ఒకసారికి కనబడేది రెండు మూడు మాటలే, ఆ రెండూ ‘ఇక్కడ క్లిక్’ అయితే వారికి ఒరిగేది లేదు. పైగా వచ్చే సెమిస్టర్‌కు నోటీసు మార్చే ఉద్యోగి పైమాట మారుస్తాడు, కంటికి కనబడని లోపలి మాట మరిచిపోతాడు. అప్పుడు చూపున్నవారికి కొత్త నోటీసు, చూపు లేనివారికి పాత నోటీసు. కనిపించే మాటనే మార్చమని మేం గట్టిగా చెబుతున్నది అందుకే.

నిబంధనలు లేక కాదు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. ప్రభుత్వ వెబ్‌సైట్లకు కేంద్రం 2009లోనే మార్గదర్శకాలు ఇచ్చింది, 2023లో వాటి మూడో కూర్పు తెచ్చింది. వాటికి ఆధారమైన అంతర్జాతీయ ప్రమాణంలో 2.4.4 అనే అంశం లింకు ఎక్కడికి పోతుందో తెలిసేలా ఉండాలంటుంది. అది అన్నిటికన్నా కింది మెట్టు, అంటే తప్పనిసరి స్థాయి. అయితే లింకు అక్షరాలు ఒక్కటే కాకుండా, అదే వాక్యంలోనో అదే పేరాలోనో వివరం ఉన్నా సరిపోతుందని వెసులుబాటు ఇచ్చింది. కాబట్టి ఆ కాలేజీ పేజీ ఈ పరీక్షలో తప్పకపోవచ్చు కూడా. లింకు ఒక్కటి విన్నా అర్థం కావాలన్న 2.4.9 అంశం అన్నిటికన్నా పై మెట్టులో ఉంది, దాన్ని పట్టించుకునేవారు తక్కువ. వెసులుబాటును వాడుకోవాలంటే విద్యార్థి జాబితా మూసి, పేజీలో లింకు దగ్గరికి పోయి, ఆ లైను మొత్తం చదివించుకుని, అది కాదని తేలితే మళ్లీ జాబితా తెరవాలి. పద్నాలుగు సార్లు. తనిఖీ చేసేవారి కాగితంలో టిక్కు పడుతుంది గానీ హాల్‌టికెట్ చేతికి రాదు.

తమ పేజీ ఎలా ఉందో ఏ కాలేజీ అయినా, ఏ కార్యాలయమైనా ఐదు నిమిషాల్లో చూసుకోవచ్చు. పేజీలోని లింకు మాటలు మాత్రమే వరసగా ఒక తెల్లకాగితం మీద రాసి, ఆ పేజీ చూడని మనిషి చేతికివ్వండి. ఏ లింకు దేనికో ఆ మనిషి చెప్పగలిగితే సరే.

ఆ కాగితం పరీక్ష మా వెబ్‌సైట్‌కూ పెట్టుకున్నాం. సిగ్గుపడాల్సి వచ్చింది. మొదటి పేజీలో ప్రతి వార్త కిందా ‘ఇంకా చదవండి’ అని ఉంది. పైనున్న శీర్షిక కూడా అదే వార్తకు లింకు. అంటే ఒక్కో వార్తకు రెండేసి లింకులు, అందులో ఒకటి ఉత్త మాట. దానికి కొత్త పేరు వెతకడంకన్నా తీసేయడమే మేలనిపించి తీసేశాం. శీర్షికల్లోనూ తేడా చూపే మాట ముందుకు రావాలని డెస్క్‌కు చెప్పాం. ఈ-పేపర్ సంగతి వేరు. అక్కడ పేజీ మొత్తం ఒక బొమ్మ, అందులోని అక్షరం ఒక్కటీ స్క్రీన్ రీడర్‌కు అందదు. ఆ పని ఇంకా మొదలుపెట్టలేదు.