పుస్తకం చదవమన్నారా, తగువు పెట్టుకోమన్నారా?

మొన్నమొన్నటి దాకా మా చరిత్ర సెమినార్ ఎంతో ప్రశాంతంగా సాగేది. శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలు, కిటికీలోంచి సముద్రపు గాలి. ఒకరు లేచి పుస్తక సమీక్ష మొదలుపెట్టేవారు. "మొదటి అధ్యాయంలో రచయిత పరిచయం చేస్తారు. రెండో అధ్యాయంలో వివరిస్తారు. మూడో అధ్యాయంలో చర్చిస్తారు." నాలుగో అధ్యాయానికి సగంమంది కునుకు తీసేవారు, ఏడో అధ్యాయానికి సమోసాలు వచ్చేవి. చివర్లో "అచ్చుతప్పులు లేకుంటే ఇంకా బాగుండేది" అని ఒక ఘాటైన విమర్శ. చప్పట్లు. ఎవరి మనసూ నొచ్చుకునేది కాదు.

ఈ ఏడు కొత్త మేడమ్ వచ్చి ఈ సంప్రదాయాన్ని మంటగలిపారు. సమీక్ష 1500 పదాలు, అందులో కథ చెప్పడానికి 300 దాటకూడదట. అన్నిటికన్నా ముందు, పుస్తకం వాదనను ఒక్క వాక్యంలో రాయాలి. ఆ వాక్యాన్ని ఎవరైనా "కాదు" అనడానికి వీలుండాలి. "విశాఖ హార్బర్ చరిత్ర" అంటే కుదరదు, అది విషయం మాత్రమే. "హార్బర్ రావడం వల్లే భీమిలి రేవు పడిపోయింది" అంటే వాదన. చదువుకున్నవాళ్లం కూర్చుని ఇలా కాదూ కూడదనుకోవడం మర్యాదేనా?

గత వారం జరిగిన ఘోరం చెప్తాను. జ్ఞానాపురం నుంచి వచ్చే ఒక అమ్మాయి ఈ వాదన ఉన్న పుస్తకాన్నే సమీక్షకు తీసుకుంది. పుస్తకం పేరు చెప్పను. రచయిత రోజూ బీచ్ రోడ్డులో వాకింగ్‌కి ఎదురుపడతారు.

మేమంతా అధ్యాయాల పేర్లు చూస్తాం కదా, ఈ అమ్మాయి పట్టికలు చూసింది. భీమిలి ఎగుమతులు ఎలా పడిపోయాయో చూపించే పట్టిక 1933తో మొదలవుతోందట. హార్బర్ తెరిచింది కూడా 1933లోనే. "జ్వరం ఎప్పుడు మొదలైందో తెలియాలంటే, డాక్టర్ వచ్చిన రోజు నుంచి టెంపరేచర్ రాసుకుంటే చాలదు కదండీ" అంది. వాల్తేరు మీదుగా రైలు 1890ల్లోనే వచ్చింది, భీమిలికి రాలేదు. సరుకు అప్పటినుంచే రైలు వెంట మళ్లిపోయి ఉంటే, హార్బర్ చేసిందల్లా చావు సర్టిఫికెట్ మీద సంతకం పెట్టడమే. అలాగే జరిగిందని కూడా ఆమె అనలేదు, అదే నాకు మరీ ఒళ్లు మండించింది. ఈ పుస్తకంలోని ఆధారాలతో ఏదీ తేల్చలేమంది. తేల్చాలంటే మద్రాసు ప్రెసిడెన్సీ సముద్ర వ్యాపార వార్షిక నివేదికల్లో 1933కి ముందటి ముప్పై నలభై ఏళ్లు, ఒక్కో రేవు లెక్కా విడిగా తీయాలట.

తర్వాత ఫుట్‌నోట్ల మీద పడింది. వాటిని చదివేవాళ్లు ఉంటారని రచయితే అనుకుని ఉండరు. నాలుగో అధ్యాయంలో ఉన్న 52లో 41 హార్బర్ కార్యాలయం నివేదికలేనని లెక్క పెట్టింది. ఎన్ని ఓడలు వచ్చాయి, ఎంత మాంగనీసు ఎగుమతయింది అన్న సంగతులకు వాటిని నమ్మొచ్చట. పాతిక కిలోమీటర్ల అవతల భీమిలిలో వర్తకుడు కొట్టు ఎందుకు కట్టేశాడో ఆ కాగితాలకేం తెలుస్తుందట. పెళ్లికొడుకు గుణగణాలు పెళ్లికొడుకునే అడిగినట్టుందని వెనక బెంచీలో ఎవరో నవ్వారు.

ఇక్కడితో ఆగినా క్షమించేవాణ్ని. తిడుతోందని ఒక నిర్ణయానికి వచ్చాక ఉన్నట్టుండి మెచ్చుకోవడం మొదలుపెట్టింది! ఓడల లెక్కలు ఇంతకుముందు ఎందరో రాశారు, కొత్తదేమీ లేదు. కానీ అయిదో అధ్యాయంలో, హార్బర్ కోసం ఇళ్లు పోయిన జాలరుల అర్జీలు రచయిత దుమ్ము దులిపి బయటికి తీశారు. అవి ఇంతవరకూ ఎవరూ వాడలేదు కాబట్టి పుస్తకం తెచ్చిన కొత్త సంగతి అదేనట. అంత మంచి సరుకును ముగింపులో రచయితే మర్చిపోయారని మళ్లీ ఒక చురక. మెచ్చుకోలో తిట్టో తేల్చకుండా ఇలా రెండూ కలిపితే వినేవాడు చప్పట్లు ఎక్కడ కొట్టాలి?

సమోసాలు చల్లారిపోయాయి. గంటసేపు అందరూ వాదించుకుంటూనే ఉన్నారు, ఒక్కరూ నిద్రపోలేదు.

వచ్చే శుక్రవారం నా వంతు. పద్నాలుగు పేజీలు, అధ్యాయానికి రెండు చొప్పున, ఎప్పుడో సిద్ధం చేశాను. మేడమ్ చూసి "ఆ ఒక్క వాక్యం ఎక్కడండీ?" అన్నారు. నిన్న సాయంత్రం ఆర్కే బీచ్‌లో కూర్చుని చాలాసేపు ఆలోచించి రాశాను: "ఈ పుస్తకం విశాఖ అభివృద్ధిని వివిధ కోణాల్లో చర్చిస్తుంది." కాదనడానికి వీలుందో లేదో చూద్దామని మురీ మిక్చర్ కలుపుతున్న అతనికి చదివి వినిపించాను.

"కాదనడానికి ఇందులో ఏటుంది బాబూ?" అని, నిమ్మకాయ పిండి పొట్లం చేతిలో పెట్టాడు.