హోదా మారితే ఎదిగినట్టేనా?

“మూడేళ్లలో హోదా మారకపోతే ఆ ఉద్యోగంలో ఎదుగుదల లేనట్టే” అంటుంటారు. అకౌంట్స్ విభాగంలో ఈ లెక్క అస్సలు కుదరదు. సీనియర్ అకౌంటెంట్ అని కార్డు మీద ఉన్నా, రోజంతా టాలీలో బిల్లులు ఎక్కించడమే పనైతే మొదటి ఏడాది పనే మళ్లీ చేస్తున్నట్టు. చూడాల్సింది జీఎస్‌టీ పనిలో ఎంతవరకు మీ చేతికి వచ్చిందన్నది. సరఫరాదారులు చూపిన బిల్లులతో ప్రతినెలా 14న జీఎస్‌టీ పోర్టల్‌లో వచ్చే 2బి పట్టికను కొనుగోళ్ల రిజిస్టర్‌తో సరిపోల్చడం ఒక మెట్టు. ఉదాహరణకు రూ.18,000 పన్ను ఉన్న బిల్లు అందులో కనబడలేదనుకుందాం. తేడా రాసి పైవాళ్లకు పంపేస్తే అది గుమాస్తా పనే. సరఫరాదారు తన అమ్మకాల రిటర్న్ అయిన జీఎస్‌టీఆర్-1 వేయలేదా, మన జీఎస్‌టీ నంబరు తప్పు కొట్టాడా అని తేల్చి, కొనుగోలుపై కట్టిన పన్నుకు వచ్చే క్రెడిట్‌ను ఆ నెల ఆపి, అతనికి ఇవ్వాల్సిన డబ్బులో అంత పట్టి ఉంచాలని నిర్ణయించేది మీరైతే బాధ్యత పెరిగినట్టు. ఇక క్రెడిట్ ఎక్కువ తీసుకున్నారంటూ పన్ను శాఖ నుంచి డీఆర్‌సీ-01సీ నోటీసు వస్తే 7 రోజుల్లో జవాబివ్వాలి, లేదంటే తర్వాతి జీఎస్‌టీఆర్-1 ఆగిపోతుంది. ఆ జవాబు ఎవరు రాస్తున్నారో చూడండి. మీరు రాసినదాన్ని ఆడిటర్ దిద్దకుండా పంపుతున్నారంటే, కార్డు మీద ఏమున్నా మీరు ఎదిగారు.