సవరణ: కమిషనర్ కొలిచినంత మాత్రాన హద్దు తేలిపోదు

"కమిషనర్ వచ్చి రాళ్లు పాతితే ఇక అదే హద్దని రాశారు. కొలత తప్పయితే మా గతేంటి?"

పొలం హద్దు తగాదాల్లో కోర్టు పంపే కమిషనర్ గురించి నేను ముందు రాసినదానిపై ఒక పాఠకుడు అడిగిన మాట ఇది. నేను రాసింది తప్పు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 26వ ఆర్డర్, 9వ రూల్ కింద వేసే అడ్వకేట్ కమిషనర్ పని సర్వేయర్ సాయంతో కొలిపించి, ప్లానుతో రిపోర్టు ఇవ్వడం వరకే. ఆయన పాతించిన రాళ్లు గుర్తులే. 10వ రూల్ ప్రకారం ఆ రిపోర్టు సాక్ష్యం అవుతుంది, తీర్పు కాదు. హద్దు తేల్చేది జడ్జిగారే.

కొలత ఎక్కడ తప్పుతుందో చూడండి. సర్వేయర్ ఎఫ్ఎంబీలో, అంటే సర్వే శాఖ పొలం కొలతల పుస్తకంలో చూపిన ట్రైజంక్షన్ రాయి దగ్గర, అంటే మూడు హద్దులు కలిసేచోట ఉన్న రాయి దగ్గర మొదలుపెట్టాలి. అది దొరకలేదని ఎవరో చూపించిన గట్టు నుంచి గొలుసు లాగితే, ఆ గట్టే 5 లింకులు, అంటే 3.3 అడుగులు జరిగి ఉండొచ్చు. 1000 లింకుల పొడవు చేనులో ఆ తేడా 5 సెంట్లు. (గట్టు ఏటా దున్నుడుకి కాస్త జరుగుతుందని రైతుకు చెప్పక్కర్లేదు.)

అందుకే రిపోర్టు రాగానే ప్లానులో మొదలు బిందువు ఏ రాయో చూడండి. అది రాయకపోయినా, మీకు నోటీసు లేకుండా కొలిచినా, రాతపూర్వకంగా అభ్యంతరం వేయండి. కోర్టు అనుమతితో కమిషనర్‌ను విచారించొచ్చు. కొలత సరిపోదనిపిస్తే కోర్టే మళ్లీ కొలవమనొచ్చు. కొలిచే రోజు మీరూ దగ్గరుండండి. ఎక్కడినుంచి మొదలుపెట్టారో అప్పుడే అడిగి, మీ మాట మెమోగా కమిషనర్‌కి ఇవ్వండి.