గుత్త ఉత్తరంలో నీళ్ల మాట ఎక్కడ?

అనంతపురం జిల్లాలో నాలుగెకరాల ఎర్రనేల, అందులో ఒక బోరు. యజమాని ఉద్యోగం బెంగళూరులో. కార్తీకంలో ఊళ్లోని తెలిసిన రైతుకు ఇలా ఉత్తరం రాశాడనుకుందాం:

"తమ్ముడూ, ఈ రబీకి మన బోరు చేను నువ్వే చేసుకో. గుత్త ఎకరాకు పదివేలు. నాలుగెకరాలకు నలభై వేలూ ముందే ఇవ్వాల. శెనక్కాయే వెయ్యి, వేరే పంట వద్దు. నీళ్లకు కొదవ లేదు. మోటరు కాలితే నువ్వే చూసుకోవాల. మార్చి ఆఖరుకు చేను ఖాళీ చెయ్యి."

మర్యాదగా ఉంది, సూటిగా ఉంది. నోటిమాటతో నడిచే గుత్తల మధ్య కాగితం మీద రాయడమే మేలు. అయితే ఇందులో డబ్బుకు లెక్క ఉంది, గడువుకు లెక్క ఉంది, నీళ్లకు మాత్రం లేదు. బోరు లేకపోతే డిసెంబరులో ఈ ఎర్రనేలను గుత్తకు అడిగేవాడే ఉండడు. వానల మీద పండే చేను ఖరీఫ్‌తోనే అయిపోతుంది. కాబట్టి ఆ పదివేలు అసలు నీళ్ల ధర. ధర కచ్చితంగా చెప్పి, సరుకు ఎంతో చెప్పకుండా "కొదవ లేదు" అని వదిలేశాడు.

ఎన్ని నీళ్లుంటే కొదవ లేనట్టు? దీనికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. వేరుశనగ ఊడలు దిగి కాయ ఊరే రోజుల్లో చేనుకు రోజుకు సుమారు 5 మిల్లీమీటర్ల నీరు కావాలి. ఎకరా మీద 5 మిల్లీమీటర్లంటే 20 వేల లీటర్లు. నాలుగెకరాలకు రోజుకు 80 వేలు. సేద్యానికి కరెంటు తొమ్మిది గంటలు. ఆ తొమ్మిది గంటల్లోనే ఇంత నీరు తోడాలంటే, డ్రిప్పులో పోయేది కొంత కలుపుకుని, 200 లీటర్ల డ్రమ్ము నిమిషంపావులో నిండాలి. స్ప్రింక్లర్లయితే గాలికి, ఎండకు ఇంకా పోతుంది కాబట్టి నిమిషంలోనే నిండాలి. "రెండించుల బోరు" అని నోటితో చెప్పుకోవడం కంటే ఉత్తరంలో ఈ ఒక్క అంకె రాసుకోవడం నయం.

డ్రమ్ము ఎప్పుడు పెట్టారన్నదీ ముఖ్యమే. రాత్రంతా ఆగిన బోరులో నీటిమట్టం పైకి లేచి ఉంటుంది. పొద్దున స్విచ్ వేయగానే పైపు నిండా దూకే నీళ్లు చూసి గుత్తకు ఒప్పుకున్నవాళ్లు ఎందరో. గుంతలో నిలిచిన నీరు అయిపోయి, నేలలోంచి ఊరేదే వస్తున్నప్పుడు అసలు సంగతి తెలుస్తుంది. మోటరు ఆపకుండా నాలుగు గంటలైనా ఆడించి, ఇద్దరి ఎదుట డ్రమ్ము పట్టాలి. యజమాని రాలేకపోతే ఊళ్లో ఆయన తరఫు మనిషి చాలు.

ఈ ఉత్తరం చెప్పని ఇంకో సంగతి, బోరు ఎవరిది అన్నది. పంపకాలైన కుటుంబాల్లో చేను విడిపోయినా బోరు ఉమ్మడిగా ఉండటం మామూలే. అన్నకు మూడు రోజులు, తమ్ముడికి మూడు రోజులు వంతు నడుస్తుంటే పైన వేసిన లెక్కంతా సగానికి పడిపోతుంది. యజమాని దృష్టిలో అది చెప్పాల్సినంత విషయం కాదు, ఎప్పటి నుంచో అలాగే నడుస్తోంది. గుత్తదారుకు మాత్రం నాలుగెకరాలు వేయాలా, రెండే వేయాలా అన్నది దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఇక మోటరు. వాడుకునేవాడే రిపేరు చేయించుకోవాలన్నది ఊళ్లలో ఉన్న మాటే, అందులో అన్యాయం లేదు. కానీ మోటరు కాలడానికి కారణాలు రెండు రకాలు. స్టార్టరు సరిగా చూసుకోకపోవడం, లో ఓల్టేజీలో మొండిగా ఆడించడం గుత్తదారు లోపం. బోరులో నీరు తగ్గి మోటరు ఖాళీగా తిరిగి కాలితే, లేదా పైపులు ఇంకా లోతుకు దించాల్సి వస్తే, అది బోరు లోపం. ఆ ఖర్చు భూమి సొంతదారు పెట్టుకోవాలి. ఎందుకంటే దించిన పైపులు వచ్చే ఏడాది కూడా ఆయన బోరులోనే ఉంటాయి. ఖర్చు ఎవరిదైనా ముందు రిపేరు జరగాలి, లెక్క తర్వాత చూసుకోవచ్చు. ఊడలు దిగే వేళ ఎర్రనేల పైపొర ఎండి గట్టిపడితే ఊడ నేలలోకి దూరదు. వాదులాడుకుంటూ వారం గడిపితే ఆ వారం కాయలు పోయినట్టే.

అందుకే గుత్త మొత్తం ముందే కట్టించుకోవడం నాకు నచ్చదు. సగం ముందు, సగం కాయలు తూకం వేశాక అని ఉండాలి. జనవరి ఆఖర్న మళ్లీ డ్రమ్ము పెట్టాలి. అప్పటికి అది నిండటానికి రెండు నిమిషాలు పడుతోందనుకుందాం. తొమ్మిది గంటలకు 54 వేల లీటర్లు వస్తాయి. డ్రిప్పులో పోయేది తీస్తే రెండున్నర ఎకరాలకు సరిపోతాయి. అంటే ఎకరంన్నర గుత్త, పదిహేను వేలు తగ్గాలి. రెండో వాయిదా ఇరవై వేలకు బదులు ఐదు వేలవుతుంది. నాలుగెకరాలకూ అరకొరగా తడిపే బదులు ఏ ఎకరంన్నర వదిలేయాలో రైతు అప్పుడే తేల్చుకోవచ్చు. వదిలేసిన చోట విత్తనం, కూలీల ఖర్చు ఎటూ ఆయనవే పోతాయి. నష్టంలో పెద్దపాలు అప్పటికీ ఆయనదే.

"గుత్త అంటే గుత్తే, నీళ్లు దేవుడి చేతిలో ఉన్నాయి" అనే యజమానులుంటారు. దానికీ పాత పద్ధతి ఒకటుంది, కోరు. పండినదాంట్లో పాలు తీసుకుంటే నీళ్లు తగ్గిన నష్టం ఇద్దరికీ పడుతుంది. కానీ కోరుకు ఇస్తే నూర్పిడి నాడు కళ్లం దగ్గర ఉండాలి, బెంగళూరులో ఉన్నవాడికి అది కుదరదు. ఆ తీరిక లేకే గుత్త ఎంచుకున్నాడు. మరి రిస్కు పూర్తిగా ఎదుటివాడి మీదకు తోసి, ధర మాత్రం నిండు బోరుకు అడగడం ఏం న్యాయం?

మార్చి ఆఖరు గడువు కూడా తొందరలో రాసిందే. దుక్కి దున్ని విత్తేసరికి డిసెంబరు మొదటివారం వస్తుంది. కదిరి-6 రకమైతే 110 రోజులకు అటూఇటూగా వస్తుంది. కదిరి లేపాక్షి లాంటిది ఇంకో పదిరోజులు అడుగుతుంది. పీకాక ఆరబెట్టాలి, కాయ విడదీయాలి, పశువుల మేతకు కట్టె వామి వేయాలి. తేదీ కాకుండా "విత్తిన నాటి నుంచి 135 రోజులు" అని రాస్తే గొడవ ఉండదు. ఆ కట్టె ఎవరిదో కూడా ఒక ముక్క రాసుకోవాలి. పశువులున్న ఊళ్లో అది చిన్న మొత్తం కాదు.

చివరగా, కాగితాల్లో సాగుదారుగా ఎవరి పేరు ఉండాలన్న సంగతి. 1956 నాటి కౌలు చట్టానికి 1974లో చేసిన సవరణ కౌలుకు కనీసం ఆరేళ్ల గడువు పెట్టింది. కాగితం రాస్తే భూమి పోతుందన్న భయం చాలావరకు అక్కడి నుంచి వచ్చిందే. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డు పదకొండు నెలలకే. అది పంట మీద హక్కు ఇస్తుంది కానీ భూమి మీద కాదు. అయితే యజమాని సంతకం లేనిదే ఆ కార్డు రాదు. ఈ ఉత్తరం ఎంత బాగా రాసినా దాని స్థానంలో చెల్లదు. ప్రభుత్వ పంట నమోదు అయిన ఈ-క్రాప్‌లో సాగుదారుగా యజమాని పేరే ఎక్కితే పంట నష్టం సొమ్ము బెంగళూరులో ఉన్నవాడి ఖాతాలో పడుతుంది. పీఎం కిసాన్ ఎటూ సొంతదారుకే వస్తుంది, దాన్ని గుత్తదారు అడగడు. కాబట్టి "కార్డుకు సంతకం పెడతాను, ఈ-క్రాప్ నీ పేరు మీదే రాయించుకో, ఈ భూమి మీద నేను తీసుకున్న పంట రుణం ఇంత ఉంది" అన్న మూడు మాటలూ ఉత్తరంలో ఉండాలి. మూడోది చాలామంది దాస్తారు. గుత్తదారు కార్డు పట్టుకుని పంట రుణానికి బ్యాంకుకు వెళ్లాక గానీ అది బయటపడదు. అప్పటికి విత్తనాలు చేలో పడిపోయి ఉంటాయి.