ఉప్పు ఒకటే, మూత్రపిండాలు వేరు

ఒకే ఇంట్లో ఒకే వంట తినే అక్కాతమ్ముళ్లలో ఒకరికి రక్తపోటు పెరగడం, మరొకరికి పెరగకపోవడం చాలామంది చూసే ఉంటారు. తమ్ముడికి ఏమీ కాలేదు కాబట్టి అక్క బాధకు ఉప్పు కారణం కాదని తేల్చేయడం పొరపాటని నా గట్టి అభిప్రాయం.

ఉప్పు ఎక్కువ తిన్నప్పుడు ఆరోగ్యవంతుడి మూత్రపిండాలు ఆ అదనపు సోడియంను కొద్ది రోజుల్లోనే, రక్తపోటు పెద్దగా పెరగకుండానే, బయటికి పంపేస్తాయి. కొందరి మూత్రపిండాలు మాత్రం, రక్తం మరింత ఒత్తిడితో వాటిలోకి వస్తే తప్ప, అంత సోడియంను వదలలేవు. ఈ స్వభావాన్నే ఉప్పు సున్నితత్వం అంటారు. 1962లో లూయిస్ డాల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఎలుకలను తరాల వారీగా ఎంపిక చేసి పెంచి, ఉప్పుకు బీపీ పెరిగే జాతిని, పెరగని జాతిని వేరుచేశారు. తర్వాత ఒక జాతి మూత్రపిండాన్ని మరో జాతికి అమర్చి చూస్తే, రక్తపోటు చాలావరకు ఆ మూత్రపిండం వెంటే వెళ్లింది. కుటుంబ చరిత్ర గురించి డాక్టరు అడగడానికి ఇదీ ఒక కారణం: అమ్మకు గానీ నాన్నకు గానీ నడివయసులోనే బీపీ వచ్చి ఉంటే, వారి మూత్రపిండాల స్వభావం మనకూ కొంత వచ్చి ఉండవచ్చు. అయితే ఇది ఒక్క జన్యువుతో తేలే విషయం కాదు; వయసు, మధుమేహం, మూత్రపిండాల జబ్బు కూడా ఈ సున్నితత్వాన్ని పెంచుతాయి.

దీన్ని నిర్ధారించే సులువైన రక్తపరీక్ష ఏదీ వాడుకలో లేదు. అందుకే ఇంట్లో కొలుచుకోవడం మేలు. ఉదాహరణకు ఆ అక్క వారం రోజులు ఎప్పటిలా తింటూ, ఉదయం, సాయంత్రం ఐదు నిమిషాలు కూర్చుని రెండేసి సార్లు కొలిస్తే సగటున పై అంకె 142 వచ్చిందనుకుందాం. తర్వాత రెండు వారాలు ఉప్పు బాగా తగ్గించి, రెండో వారం అలాగే కొలిస్తే 131 వచ్చిందనుకుందాం. ఇంత తేడా ఉప్పు వైపే వేలెత్తి చూపుతుంది. రెండు మూడు అంకెల తేడా మాత్రం రోజువారీ ఊగిసలాటే కావచ్చు, కాబట్టి దాన్నిబట్టి ఏమీ తేల్చకూడదు. బీపీ మందులు, ముఖ్యంగా మూత్రం ఎక్కువగా వచ్చే మందులు, వాడేవారు డాక్టరును అడగకుండా ఈ ప్రయత్నం చేయవద్దు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు పొటాషియం కలిపిన ఉప్పు జోలికి అసలు పోకూడదు.

తమ్ముడి అంకెలు కదలకపోతే అతడికి ఉప్పు తినడానికి అనుమతి వచ్చినట్లు కాదు. ఈ సున్నితత్వం వయసుతో పెరుగుతుంది, కాబట్టి ఈ ఏడాది ఫలితం పదేళ్ల తర్వాత చెల్లకపోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పిన రోజుకు 5 గ్రాముల లోపు అన్న హద్దు అతడికీ వర్తిస్తుంది. అక్క విషయంలో మాత్రం ఆ హద్దును సలహాగా కాక చికిత్సలో భాగంగా చూడాలి. తల్లిదండ్రుల్లో ఎవరికి, ఏ వయసులో బీపీ వచ్చిందో రాసుకున్న కాగితాన్ని, ఈ మూడు వారాల అంకెలతో పాటు ఆమె తన డాక్టరు ముందు పెట్టాలి.