డబ్బు కట్టినవాడికే తాళం

"డబ్బులు కట్టాను కదండీ, యాప్ ఎందుకు ఓపెన్ కావట్లేదు?" అని పొద్దున్నే కస్టమర్ ఫోన్. పేమెంట్ గేట్‌వే డాష్‌బోర్డ్‌లో ఆయన సబ్‌స్క్రిప్షన్ `active`, మా డేటాబేస్‌లో మాత్రం `past_due`. లాగ్ తీస్తే అసలు సంగతి తెలిసింది. కార్డు 10:02కి ఫెయిలై, 10:05కి పాసైంది. పాసైందని గేట్‌వే మా సర్వర్‌కి పంపే కబురు, అదే వెబ్‌హుక్, వెంటనే వచ్చేసింది. ఫెయిలైనది తీరిగ్గా 10:40కి ఊడిపడి, బాగున్న స్టేటస్‌ని చెడగొట్టి పోయింది. పెళ్లయ్యాక శుభలేఖ అందినట్టు!

ఇంకొకావిడకు ఒక నెల డబ్బుకే రెండు నెలల గడువు పడింది. మన సర్వర్ నుంచి "అందింది" అని చెప్పే 200 వెళ్లడం కాస్త ఆలస్యమైతే చాలు, గేట్‌వే అదే ఈవెంట్‌ని మళ్లీ పంపుతుంది. మా కోడ్ రెండోసారీ 30 రోజులు కలిపేసింది. ఆవిడ మాత్రం ఫోన్ చేయలేదు లెండి.

వెబ్‌హుక్‌లు వరసగా వస్తాయన్న హామీ లేదని గేట్‌వేవాళ్లు డాక్యుమెంటేషన్‌లో ఓ మూల రాసి చేతులు దులుపుకున్నారు. దాంతో ఒకే ఈవెంట్ రెండుసార్లు ఎక్కకుండా ఈవెంట్ ఐడీ మీద యూనిక్ ఇండెక్స్ పెట్టాం. వెబ్‌హుక్‌లో ఏమున్నా నమ్మకుండా, అది రాగానే గేట్‌వేనే అడిగి ఇప్పటి స్టేటస్ తెచ్చుకుంటున్నాం. గడువు తేదీ కూడా అక్కడిదే, మేం కూడేదేమీ లేదు. అసలు రాకుండా పోయేవాటి కోసం రాత్రిపూట ఇంకో జాబ్. మరి ఆ వెబ్‌హుక్ ఎందుకండీ, తలుపు కొట్టి పారిపోవడానికా?