నలభై ఏడు మందితో దేశోద్ధరణ

మా రైలు లైను గుణుపురంలో ఆగిపోతుంది. పర్లాకిమిడి నుంచి బయలుదేరిన డిజర్టేషన్ ముగింపు మాత్రం ఢిల్లీ దాటేదాకా ఆగకూడదని నా దృఢాభిప్రాయం. ఈ మధ్య కొందరు గైడ్లు దానికీ బ్రేకులు వేస్తున్నారు. ఈ అన్యాయం గురించి ఎవరో ఒకరు మాట్లాడాలి కదా.

ఇక్కడ ఎం.ఈడీ. చదివే ఒక కుర్రాణ్ణి ఊహించుకోండి. రెండు బీఈడీ కాలేజీల్లో 60 మంది ట్రైనీలకు, టీచర్ల కోసం ప్రభుత్వం ఆన్‌లైన్‌లో నడిపే దీక్షా పోర్టల్ మీద మూడు రోజుల వర్క్‌షాపు పెట్టాడు. దానికి ముందు ఒకసారి, నెల తర్వాత ఒకసారి అదే ప్రశ్నావళి ఇచ్చాడు. రెండుసార్లూ నింపినవాళ్ళు 47 మంది. అయిదు పాయింట్ల స్కేలు మీద వాళ్ళ సగటు 3.1 నుంచి 3.6కి పెరిగింది. కుర్రాడు ఆ రాత్రే సారాంశం రాసేశాడు: ‘సాంకేతికత భారతదేశ ఉపాధ్యాయ విద్యను సమూలంగా మార్చివేసిందని ఈ అధ్యయనం నిరూపించింది.’

ఎంత గంభీరమైన వాక్యం! గైడు గారు దాని మీద ఎర్ర ఇంకు గీశారు.

“క్లాసులో కూర్చుని వాళ్ళ పాఠాలు చూశావా?”

“లేదు సార్. ఫారంలో వాళ్ళే రాశారు.”

“ఏమని?”

“‘పాఠంలో టెక్నాలజీ వాడగలనన్న నమ్మకం నాకుంది’ అని సార్.”

“అయితే పెరిగింది నమ్మకమయ్యా. బోధన పెరిగిందో లేదో నీకెలా తెలుసు?”

నమ్మకం వేరు, నైపుణ్యం వేరట! ఈ లెక్కన డిపాజిట్ పోయేదాకా గెలుపు నాదే అనుకునే మన అభ్యర్థుల గతేంటి?

గైడు గారు అక్కడితో వదల్లేదు. మిగతా 13 మంది ఏమయ్యారని అడిగారు. ఫారం లింకు వాట్సాప్‌లో పంపాడు. కొండ మీది ఊళ్ళ నుంచి వచ్చే పిల్లలు వారాంతంలో ఇంటికెళ్తే సిగ్నల్ ఉండదు. ఒకరిద్దరికి సొంత ఫోనే లేదు. “టెక్నాలజీతో తిప్పలు పడేది వాళ్ళే. వాళ్ళని వదిలేసి సగటు తీస్తే అది పైకి పోదూ?” అన్నారాయన. నన్నడిగితే, ఇబ్బంది పెట్టేవాళ్ళు తమంతట తామే తప్పుకోవడం పరిశోధకుడికి దక్కే వరం. దాన్ని సారాంశంలో చాటింపు వేయమనడం ఏం న్యాయం?

తర్వాత ఆ నెల రోజుల సంగతి. సరిగ్గా అప్పుడే ట్రైనీలు బడులకు టీచింగ్ ప్రాక్టీసుకు వెళ్ళారు. రోజూ పిల్లల ముందు నిలబడితే ధైర్యం ఎలాగూ వస్తుంది. వర్క్‌షాపుకు వెళ్ళని ఇంకో గుంపును కూడా కొలిచి ఉంటే ఆ అర పాయింటులో వర్క్‌షాపు వాటా ఎంతో అంచనా వేయవచ్చు. అలాంటి గుంపు లేదు. పీ విలువ 0.05 కంటే తక్కువ వచ్చిందని కుర్రాడు మొర పెట్టుకున్నాడు. “తేడా కేవలం యాదృచ్ఛికంగా వచ్చి ఉండకపోవచ్చు అనడానికి అది పనికొస్తుంది. ఎందువల్ల వచ్చిందో అది చెప్పదు” అని ఆయన చల్లగా సెలవిచ్చారు.

ముగింపులో ఇంకో ఆణిముత్యం ఉంది: ‘ప్రభుత్వం ప్రతి కాలేజీకి స్మార్ట్ బోర్డు ఇవ్వాలి.’ ప్రశ్నావళిలో స్మార్ట్ బోర్డు ఊసే లేదు. ముగింపులో కొత్త చుట్టం దిగకూడదట. అదీ పోయింది.

కుర్రాడు బెదిరిపోయి రెండో ప్రతిలో ‘నమ్మకం బహుశా కొంతమేరకు పెరిగి ఉండవచ్చునేమో’ అని రాశాడు. దానికీ చీవాట్లే! “47 మంది సగటు పెరిగింది. అది నీ టేబుల్లోనే ఉంది, పెరిగిందని గట్టిగా చెప్పు. నసగాల్సింది కారణం దగ్గర.” ఇదెక్కడి గోల? ఎక్కువ చెప్పినా తప్పే, తక్కువ చెప్పినా తప్పే.

చివరికి మిగిలింది చూడండి: ‘గజపతి జిల్లాలోని రెండు కాలేజీల్లో, దీక్షా వర్క్‌షాపుకు ముందూ నెల తర్వాతా ప్రశ్నావళి నింపిన 47 మంది ట్రైనీల్లో టెక్నాలజీ వాడకంపై స్వీయ విశ్వాసం సగటున 3.1 నుంచి 3.6కు పెరిగింది. పోలిక గుంపు లేనందున, అదే సమయంలో టీచింగ్ ప్రాక్టీసు జరిగినందున, ఈ పెరుగుదల వర్క్‌షాపు వల్లేనని చెప్పలేం. ఆన్‌లైన్ ఫారం అందని 13 మంది ఇందులో లేరు. తరగతి బోధనను పరిశీలించలేదు.’ ముగింపులో సిఫారసు ఒక్కటే: తర్వాత చేసేవారు ఫారాలు కాగితం మీద కూడా ఇచ్చి, పోలిక గుంపు పెట్టి, కొన్ని పాఠాలను క్లాసులో కూర్చుని చూడాలి.

వైవాలో ఎక్స్‌టర్నల్ గారు వేయడానికి ప్రశ్న మిగల్లేదు. వెతికి వెతికి అడగబోయినవన్నీ కుర్రాడు ముందే రాసేశాడు. పెద్దమనిషిని పిలిచి టీ ఇచ్చి పంపేయడం మర్యాదేనా?

అంతకంటే పెద్ద సమస్య సన్మానం ఫ్లెక్సీతో వచ్చింది. ‘దేశ విద్యారంగాన్ని మలుపు తిప్పిన పరిశోధకుడు’ అని వేయిద్దామని బంధువులు డిజైన్ సిద్ధం చేసుకున్నారు. కుర్రాడు ఒప్పుకోలేదు. ఫ్లెక్సీ షాపతను ఇప్పటికి రెండుసార్లు ఫోన్ చేశాడు, ‘పోలిక గుంపు లేనందున’ అన్నది ఫొటో పైన వేయాలా, కింద వేయాలా అని.